సమాంతర అక్షాలపై అభ్యర్థుల గీతలు

ఒక ఉద్యోగానికి వచ్చిన నలభై మందిని రాత పరీక్ష, నమూనా పని, ఇంటర్వ్యూ, అనుభవం, కోరిన జీతం అనే ఐదు కొలతలపై పోల్చవలసి వచ్చినప్పుడు, మామూలు గ్రాఫు కాగితం రెండు కొలతల దగ్గరే ఆగిపోతుంది. ఎందుకంటే అందులో అక్షాలు ఒకదానికొకటి లంబంగా నిలబడాలి, కాగితం మీద అటువంటి దిశలు రెండే ఉన్నాయి. అక్షాలన్నింటినీ నిలువుగా, పక్కపక్కన సమాంతరంగా నిలబెట్టి, ప్రతి అభ్యర్థి విలువలను ఆయా అక్షాలపై గుర్తించి, ఆ గుర్తులను ఒకే విరుపుల గీతతో కలిపితే ఎన్ని కొలతలైనా ఒకే కాగితంలో ఇముడుతాయి. దీనినే సమాంతర నిరూపకాల పటం అంటారు. అమెరికాలో 1883లో వెలువడిన స్క్రిబ్నర్ గణాంక అట్లాసులో రాష్ట్రాల స్థానాలను ఇటువంటి గీతలతోనే పోల్చారు. ఫ్రెంచి గణితవేత్త మారిస్ దొకాన్ 1885లో సమాంతర నిరూపకాలపై పుస్తకం వెలువరించగా, వాటిని బహుకొలతల జ్యామితిగా విస్తరించినవాడు ఆల్ఫ్రెడ్ ఇన్సెల్‌బర్గ్.

ఈ పటంలో ప్రతి అక్షానికీ దాని సొంత కొలమానం ఉంటుంది గనుక, ఆ అక్షం అడుగున ఏ విలువ ఉండాలి, కొసన ఏ విలువ ఉండాలి అన్నది ఎవరో ఒకరు నిర్ణయించక తప్పదు. అసలు చిక్కు అక్కడే ఉంది. నలభై మందికీ రాత పరీక్షలో నూటికి 71 నుంచి 79 వరకు, ఇంటర్వ్యూలో పదికి 3 నుంచి 9 వరకు మార్కులు వచ్చాయని ఊహిద్దాం. ‘అ’ అనే అభ్యర్థికి రాతలో 72, ఇంటర్వ్యూలో 8. ‘ఆ’కు రాతలో 78, ఇంటర్వ్యూలో 6. వచ్చిన మార్కుల్లో కనిష్ఠాన్ని అడుగున, గరిష్ఠాన్ని కొసన పెడితే, రాత అక్షంపై ‘ఆ’ ‘అ’కంటే ముప్పావు అక్షం ఎత్తున కనిపిస్తుంది, ఇంటర్వ్యూ అక్షంపై వెనకబడింది మూడో వంతు మాత్రమే. చూసేవారు ‘ఆ’ వైపే మొగ్గుతారు. అదే అక్షాలను సున్నా నుంచి నూరు వరకు, సున్నా నుంచి పది వరకు గీస్తే రాతలోని తేడా అక్షంలో వందకు 6 పాళ్లకు కుంచించుకుపోయి, ఇంటర్వ్యూలోని తేడా 20 పాళ్లుగా నిలిచి, మొగ్గు ‘అ’ వైపు తిరుగుతుంది. మార్కు ఒక్కటి కూడా మారలేదు.

ఈ రెండింటిలో ఏది సరి అన్నది పటం చెప్పదు. అదే ప్రశ్నపత్రం స్థాయిలో మరో పత్రం ఇచ్చి మళ్లీ రాయిస్తే ఒకే మనిషి మార్కు నాలుగైదు అటూఇటూ పోయేటట్లయితే, ఆరు మార్కుల తేడాను ముప్పావు అక్షం ఎత్తుకు సాగదీయడం పొరపాటే. కొలత నిలకడగా ఉన్నదైతే పూర్తి వందను గీయడమే నిజమైన తేడాను మరుగుపరుస్తుంది. అయినా చాలాసార్లు ఈ నిర్ణయం ఎంపిక సంఘం చేతిలో కాక సాఫ్ట్‌వేర్ అలవాటు చేతిలో ఉంటుంది. `MASS` లోని `parcoord` ప్రతి అక్షాన్నీ కనిష్ఠ, గరిష్ఠాల మధ్య సాగదీస్తుంది. `GGally` లోని `ggparcoord`, వేరే మాట చెప్పకపోతే, సగటు నుంచి ఎంత దూరమన్నది ప్రామాణిక విచలనంలో, అంటే విలువలు మామూలుగా ఎంత చెదురుతాయన్న కొలతలో, చూపుతుంది. `pandas` లోని `parallel_coordinates` ఏ మార్పూ చేయక అన్నింటినీ ఒకే కొలమానంపై గీయడంతో, పదికి వేసిన ఇంటర్వ్యూ మార్కులు నూటికి వేసిన వాటి పక్కన నేలకు అంటుకుపోతాయి.

కనిష్ఠ, గరిష్ఠాల పద్ధతికి మరో బలహీనత ఉంది. అందరి అనుభవం ఆరేళ్లలోపే ఉండి ఒక్కరికి మాత్రం 22 ఏళ్లుంటే, మిగిలిన ముప్పై తొమ్మిది గీతలూ అక్షంలో అడుగు పావు వంతుకు కాస్త పైదాకా ఇరుక్కుని విడివిడిగా కనిపించవు. విలువలకు బదులు స్థానాలను, అంటే మొదటి, రెండవ అన్న వరుసను గీస్తే ఆ ఇరుకు పోతుంది గాని, ఒకటో స్థానానికీ రెండో స్థానానికీ మధ్య ఎంత దూరమో చెప్పే సమాచారం కూడా దానితోపాటే పోతుంది. అక్షాన్ని ఎనిమిదేళ్ల దగ్గర ఆపి, ఆ ఒక్కరి గీతను పై అంచున ప్రత్యేక గుర్తుతో చూపడం మేలు.

అక్షాల క్రమం సంగతి వేరు. కన్ను చదవగలిగేది పక్కపక్కన ఉన్న అక్షాల మధ్య సంబంధాన్నే. ఐదు అక్షాల్లో పది జతలుండగా ఏ ఒక్క క్రమమైనా వాటిలో నాలుగింటినే చూపుతుంది. ఎడ్వర్డ్ వెగ్మన్ 1990లో చూపినట్లు, ఐదు అక్షాలకు తగిన మూడు క్రమాలు గీస్తే ప్రతి జతా కనీసం ఒకసారి పక్కపక్కకు వస్తుంది. దిశ కూడా అర్థాన్ని తారుమారు చేయగలదు. అనుభవం పెరిగినకొద్దీ కోరే జీతం పెరిగితే ఆ రెండు అక్షాల మధ్య గీతలు ఇంచుమించు సమాంతరంగా సాగుతాయి; ‘పైకి ఉన్నదే మంచిది’ అనిపించాలని జీతపు అక్షాన్ని తలకిందులు చేస్తే అవే గీతలు కత్తెర వేసుకుంటాయి, తిరగేసిన సంగతి గమనించనివారు అనుభవజ్ఞులు తక్కువకే వస్తున్నారని పొరబడతారు. అందుచేత తిరగేసిన ప్రతి అక్షం పైనా బాణం గుర్తుతోపాటు రెండు కొసల అంకెలు కూడా రాయాలి.

ఇదంతా తెలిసిన ఎంపిక సంఘం ఒకే పటంతో తృప్తి పడదు. ఒకసారి వచ్చిన మార్కుల పరిధితో, మరొకసారి పూర్తి మార్కుల పరిధితో గీయించుకుని, రెండింటిలోనూ పైన నిలిచినవారిని పక్కన పెట్టి, ‘అ’, ‘ఆ’ల వలె పటం మారగానే స్థానం మారినవారి జవాబు పత్రాలను, ఇంటర్వ్యూ రాతలను మళ్లీ తెప్పించి చదువుతుంది.