గాలి దిక్కు రాసుకున్న కాగితం

నా ముందున్న కాగితం రెండు పేజీలది. నెల్లూరు నుంచి మైపాడు వైపు, సముద్రపు గాలి తగిలే చోట ఉన్న ఒక లాన్‌లో, వైశాఖంలో ఒక శనివారం సాయంత్రం జరిగిన పెళ్ళి రిసెప్షన్ కోసం రాసింది. హోటళ్ళవాళ్ళు దీన్ని ఫంక్షన్ ప్రాస్పెక్టస్ అంటారు, పిలవడం మాత్రం ఎఫ్‌పీ అనే. బయటి దేశాల్లో బాంకెట్ ఈవెంట్ ఆర్డర్ అనేదీ ఇదే. పెళ్ళివారితో మాట్లాడుకున్న ప్రతి మాటా వంటమాస్టరుకీ, స్టోర్స్‌కీ, కరెంటు మనిషికీ, గేటు దగ్గర వాచ్‌మన్‌కీ, బిల్లు రాసే గుమాస్తాకీ ఒకేలా చేరడానికి రాసుకునే కాగితం. ఇలాంటివి చాలా చూశాను. ఎక్కువ వాటిలో పైన పేరూ తేదీ, కింద పొడుగాటి మెనూ, చివర అడ్వాన్సు లెక్క ఉంటాయి. ఇది అలా లేదు. ఇందులో మెనూ రెండో పేజీకి గానీ రాదు.

మొదటి పేజీలో సగం స్టేజీ గురించే ఉంది. ఇది రాసిన భోజనాల మేనేజరుకి స్టేజీతో ఏం పని అని నాకూ అనిపించింది. ఆయన పెన్సిల్ తీసి లెక్క వేసి చూపించాడు. కొత్త జంట మీద అక్షింతలు వేసి, కవరు చేతిలో పెట్టి, ఫొటో దిగి పక్కకు జరగడానికి ఒక కుటుంబానికి 40 సెకన్లు పడుతుంది. కుటుంబానికి సగటున నలుగురు. అంటే గంటకు 90 ఫొటోలు, 360 మంది. వచ్చేది 700 మందైతే స్టేజీ దగ్గరే దాదాపు రెండు గంటలు. స్టేజీ దిగినవాళ్ళు దిగినట్టు భోజనాలకు నడుస్తారు కాబట్టి, నిమిషానికి ఆరుగురి కన్నా ఎక్కువ మంది ప్లేటు దగ్గరకు రారు.

"స్టేజీ మాకు కుళాయి లాంటిది సార్. అది ఎంత వదిలితే మా దగ్గరికి అంతే వస్తుంది," అన్నాడు.

బఫే లైనుకి రెండు పక్కలా జనం నడిస్తే, ఒక్కో పక్క నిమిషానికి ముగ్గురు వడ్డించుకుని దాటతారని ఆయన అనుభవం. మన భోజనంలో పప్పు మీద నెయ్యి, పక్కన పచ్చడి, పైన వడియం అంటూ ఆగేవాళ్ళు ఎక్కువ కాబట్టి అంతకన్నా వేగం రాదట. శాకాహారానికి ఒక లైను, మాంసాహారానికి ఒక లైను తెరిస్తే నిమిషానికి పన్నెండు మంది. కుళాయి వదిలేది ఆరుగురినే కాబట్టి సరిపోతుంది. మామూలు మేనేజరైతే ఇక్కడితో గీత గీసేస్తాడు. ఈ కాగితంలో దాని కింద ఇంకో రెండు వాక్యాలు ఉన్నాయి, నేను దీని గురించి రాయడానికి కారణం అవే.

"రాత్రి 8.00కి జంట స్టేజీ మీద లేకపోతే శాకాహారం రెండో లైను, మాంసాహారం రెండో లైను తెరవాలి. ఎవరినీ అడగనక్కర్లేదు."

కార్డులో 7 అని వేస్తారు. జనం ఏడున్నరకు మొదలవుతారు. పెళ్ళికూతురి అలంకారం ఎప్పుడు తెమిలేదీ ఎవరి చేతిలోనూ లేదు. స్టేజీ మీద ఖాళీ కుర్చీలు కనిపిస్తే మన వాళ్ళు ఎంతసేపు కూర్చుంటారు? ముందు భోంచేసి, వెళ్ళేటప్పుడు దీవిద్దాం అని ఒక పెద్దాయన లేస్తాడు, ఆయన వెనక వరస లేస్తుంది. కుళాయి తెగిపోయినట్టే. ఎనిమిదికి లాన్‌లో 350 మంది ఉంటే వాళ్ళంతా ఒక్కసారే ప్లేట్లు పట్టుకుంటారు. రెండు లైన్లే ఉంటే చివరి మనిషికి అన్నం అందేసరికి అరగంట. నాలుగైతే పావుగంట. చేతిలో ఖాళీ ప్లేటుతో మనిషి పావుగంట నవ్వుతూ నిలబడతాడు, ఆ తర్వాత పెళ్ళివారి పేరెత్తుతాడు. అందుకని రెండో లైన్ల పాత్రల కింద వేడినీళ్ళు ముందే పోయించి, మూతలు పెట్టించి, బర్నర్లు మాత్రం వెలిగించకుండా ఉంచమని రాశాడు. ఆ రోజు జంట వచ్చింది 8.25కి. లైన్లు 8.00కే తెరుచుకున్నాయి.

టైముల వరసలో ఇంకొక్కటే చెప్తాను. "మైకు, పాటలు 9.55కి ఆపాలి" అని ఉంది. బయట రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెప్తాయి. పోలీసు వచ్చి చెప్పేదాకా ఆగకుండా పాటలవాడితో అయిదు నిమిషాల ముందు ఒప్పందం చేసుకున్నాడు. జంట ఆలస్యంగా వచ్చిన రోజు ఆ అయిదు నిమిషాలకే పాటలవాడితో పెద్ద తగువు అవుతుందట.

ఇక మనుషుల లెక్క. పెళ్ళివారు పంచింది 1000 కార్డులు, ఒప్పుకున్న గ్యారంటీ 700. గ్యారంటీ అంటే అంతకన్నా తక్కువ మంది తిన్నా అంతకు డబ్బు కట్టాల్సిన లెక్క. వంట మాత్రం 735కి చేయమని రాశాడు. ఫొటోగ్రాఫర్లు, పాటలవాళ్ళు, డ్రైవర్లు 45 మందిని విడిగా రాసి, వాళ్ళ భోజనం 7.15కే వెనక షెడ్డులో అన్నాడు. వాళ్ళని రాయకపోతే ఆ 45 ప్లేట్లు అతిథుల లెక్కలో పడతాయి, లేదంటే రాత్రి పదకొండుకు డ్రైవర్లు అడుగంటిన పాత్రల ముందు నిలబడతారు.

పెళ్ళివారు మొదట మాంసాహారం 500, శాకాహారం 200 అన్నారు. కాగితం మీద ఆ అంకెలు కొట్టేసి 380, 320 అని ఉన్నాయి. ఎందుకంటే అది శనివారం. వేంకటేశ్వరస్వామి వారమని ఆ ఒక్కరోజు నీచు ముట్టని ఇళ్ళు ఈ పక్క చాలా ఉన్నాయి. రోజూ తినేవాళ్ళే ఆ రోజు సాంబారు వైపు నడుస్తారు. కార్డులు పంచేటప్పుడు ఇది ఎవరికీ గుర్తుండదు. ఆయన పెళ్ళికొడుకు పెదనాన్నగారిని కూర్చోబెట్టి, దగ్గరి ఇళ్ళ పేర్లు ఒక్కొక్కటి చెప్పించి, శనివారం తింటారా తినరా అని అడిగాడట. రెండు గంటలు పట్టిందట.

ప్లేట్ల లెక్క దగ్గర ఇంకో జాగ్రత్త ఉంది. మొదలుపెట్టే ముందు పెళ్ళివారి తరఫు మనిషిని నిలబెట్టి 800 ప్లేట్లు లెక్కపెట్టాలి, చివర మిగిలినవి మళ్ళీ లెక్కపెట్టాలి. ఒకే మనిషి రెండో ప్లేటు తీసుకుంటే ఏం చేయాలి? స్వీట్లకూ ఐస్‌క్రీముకీ చిన్న గిన్నెలు పెట్టి వాటిని లెక్కలోంచి తీసేశాడు. పెద్దవాళ్ళకు అరిటాకు వేసి బంతి భోజనం 60 మందికి. ఆకులకు వేరే వరస గీశాడు. ఇంత చేసినా పదీ పదిహేను ప్లేట్ల మాట మిగిలే ఉంటుందని ఒప్పుకున్నాడు.

మెనూలో నన్ను ఆపింది చేప. నెల్లూరు పెళ్ళిలో చేపల పులుసు లేకపోతే మాట పడాలి. పెళ్ళివారు వంజరం ఫ్రై కూడా అడిగారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు వేటకు పోకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలమని. వైశాఖం సరిగ్గా అందులో పడుతుంది. అప్పుడు దొరికే వంజరం ఎక్కువగా ఐసులో ఉన్నదో, దూరం నుంచి వచ్చిందో. అందుకని వంజరం కొట్టేసి, చెరువు రొయ్యల వేపుడు రాశాడు. రొయ్యల చెరువులకు ఈ తీరంలో కొదవ లేదు. పులుసుకు కొరమీను. దాని కండ గట్టిది, చాలాసేపు వేడి మీద ఉన్నా విడిపోదు. పుల్లమామిడి కాయ ఆ కాలంలో ఎలాగూ ఉంటుంది.

ఎంత కొనాలో కూడా అక్కడే ఉంది. 380 మందిలో నలుగురికి ఒకరు రెండో ముక్క అడుగుతారని 475 ముక్కలు. ముక్క 80 గ్రాములు, అంటే శుభ్రం చేసిన చేప 38 కిలోలు. పొలుసూ పొట్టా పోగా మూడింట రెండు వంతులు మిగులుతుందని 57 రావాలి, రాసింది 60. "తలలు పారేయొద్దు, బంతిలో అడుగుతారు" అని పక్కన చిన్న అక్షరాలు. పులుసు నిలవ ఉంటే రుచి కూడుతుందని మన ఇళ్ళలో రాత్రి వండి పొద్దున తింటారు. వందల మందికి పెట్టే చోట ఆ ధైర్యం చేయకూడదు. సాయంత్రం 4.30కి దించి, 65 డిగ్రీల వేడికి తగ్గకుండా 7.30 దాకా ఉంచమన్నాడు. ఆ మూడు గంటలు పులుసుకు చాలు. గరిటె పెట్టి కలపకూడదు, పాత్రనే పట్టుకుని తిప్పాలి. లైను మీద అతిథి చేతికి గరిటె ఇవ్వకూడదు, వెడల్పు పాత్రలోంచి వడ్డనవాడే ముక్క పైకెత్తి వేయాలి. అలా వేస్తే ముక్క చెదరదు, 475 లెక్కా నిలుస్తుంది.

అన్నిటి కన్నా నాకు నచ్చింది కౌంటర్ల పటం. మూలన ఒక బాణం గీసి "గాలి" అని రాశాడు. ఎండాకాలం సాయంత్రం తూర్పు నుంచి, అంటే సముద్రం నుంచి గాలి కొడుతుంది. పాత్రల కింద వెలిగే చిన్న మంటలు ఆ గాలికి ఆరిపోతాయి. మంట కనపడదు కాబట్టి ఆరిన సంగతీ ఎవరికీ తెలీదు, అన్నం చల్లబడ్డాక గానీ బయటపడదు. లైన్లకు తూర్పున ఆరడుగుల తాటాకు తడక నిలబెట్టమన్నాడు. ప్రతి పావుగంటకూ ఒక కుర్రాడు వంగి మంటలు చూడాలి. దోసెలూ వేపుళ్ళూ అక్కడికక్కడ చేసే పెనాలను పడమటి చివర పెట్టాడు, నూనె పొగ అతిథుల మీదుగా కాకుండా రోడ్డు వైపు పోతుందని. రాత్రి పొద్దుపోయాక గాలి పడిపోవచ్చు, నేల వైపు నుంచి తిరగనూ వచ్చు. అందుకే "9.30 తర్వాత పెనాల దగ్గర చూసుకోండి" అని మాత్రం రాసి వదిలేశాడు. గాలిని అంతకన్నా కాగితం మీద కట్టేయలేడు కదా.

ఈ కాగితం మూడోసారి దిద్దింది. పైన "సవరణ 3" అని పెద్దగా ఉంది, మారిన ప్రతి అంకె చుట్టూ ఎర్ర సున్నా. కొత్తది ఇచ్చేటప్పుడు పాతది చేతిలోంచి తీసుకుని చింపేదాకా సంతకం పెట్టనివ్వడట. వంటింటి గోడకు మొదటి కాగితమే అంటుకుని ఉంటే ఏమవుతుందో అని అడిగాను. 500 మందికి చేపలు తెగుతాయి, 320 మందికి సాంబారు చాలదు.

తప్పు లేని కాగితమేమీ కాదు ఇది. చేతులు కడుక్కునే కుళాయిలు బఫే పక్కనే గీశాడు. ఆకు మీద చేత్తో కలుపుకుని తిన్న అరవై మంది పెద్దవాళ్ళు, మోకాళ్ళ నొప్పులతో, ఎంగిలి చెయ్యి పైకెత్తి పట్టుకుని లాన్ ఆ చివరి దాకా జనం మధ్యలోంచి నడవాల్సి వచ్చింది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఆయనే చూశాడు. మరుసటి వారం ఇంకో రిసెప్షన్‌కి రాసిన కాగితం కూడా నాకు చూపించాడు. బంతి గడి పక్కన ఎర్ర సున్నాలో ఒక కొత్త వాక్యం ఉంది: "కుళాయి, సబ్బు, తువ్వాలు, కుర్చీ ఒకటి. బంతికి పది అడుగుల లోపల."