రోటర్ బారు తెగితే ఆంప్‌మీటర్ ముల్లు ఏం చెబుతుంది

స్క్విరెల్ కేజ్ మోటారులో తిరిగే భాగానికి, అంటే రోటర్‌కు, కరెంటు బయటినుంచి ఏ తీగ ద్వారానూ అందదు. ఇనుప రేకుల దొంతరలో చుట్టూ కోసిన గాడుల్లో అల్యూమినియం లేదా రాగి బార్లు ఉంటాయి. రెండు చివర్లా వాటిని కలుపుతూ ఎండ్ రింగులు ఉంటాయి. స్టేటర్‌లో తిరిగే అయస్కాంత క్షేత్రం ఈ బార్లలో కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటే రోటర్‌ను తిప్పుతుంది. అరిగే బ్రష్షులు లేవు, కాలే వైండింగ్ లేదు. అందుకే మోటారు చెడిందనగానే అందరి చూపూ స్టేటర్ వైపూ బేరింగుల వైపూ పోతుంది. బార్లలో ఒకటి ఎండ్ రింగ్ దగ్గర తెగి ఉండవచ్చన్న అనుమానం చాలా ఆలస్యంగా వస్తుంది. ఈలోగా స్టేటర్‌ను ఒకసారి అనవసరంగా రీవైండింగ్ చేయించడం కూడా జరిగిపోతుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రైసు మిల్లులు, జూట్ మిల్లులు, ఫెర్రో అల్లాయ్ కర్మాగారాలు, టెక్కలి చుట్టుపక్కల గ్రానైటు పని, రాతి క్రషర్లు, ఇవన్నీ నడిచేది ఈ రకం మోటార్ల మీదే. అయితే బారు తెగే ప్రమాదం అన్నిటికీ ఒకేలా ఉండదు. నీళ్ల పంపు రెండు మూడు సెకన్లలో వేగం అందుకుంటుంది. పెద్ద ఫ్యాను, బరువైన ఫ్లైవీల్ ఉన్న క్రషర్ అలా కాదు. వాటిని నిలకడ నుంచి పూర్తి వేగానికి తేవడానికి మోటారు చాలాసేపు పెనుగులాడాలి. రోటర్‌కు గండం ఆ కొన్ని సెకన్లలోనే ఉంది.

స్టార్టింగ్‌లో స్టేటర్ మామూలు కరెంటుకు ఆరేడు రెట్లు లాగుతుంది, రోటర్ బార్లలోనూ అదే నిష్పత్తిలో కరెంటు పెరుగుతుంది. ఏ భారాన్నైనా నిలకడ నుంచి వేగానికి తెచ్చేటప్పుడు, ఆ తిరిగే బరువులో చివరికి ఎంత గతిశక్తి నిలుస్తుందో కనీసం అంత శక్తి రోటర్‌లో వేడిగా మారుతుంది. జడత్వ భ్రామకం 75 కిలోగ్రామ్-చదరపు మీటర్లు ఉన్న ఫ్యాను నిమిషానికి 1480 చుట్లకు చేరేసరికి అది 9 లక్షల జౌళ్లు, అంటే పావు యూనిట్ కరెంటు. అదంతా కొన్ని సెకన్లలో బార్లలోనూ ఎండ్ రింగుల్లోనూ పేరుకుంటుంది. స్టార్-డెల్టా స్టార్టర్ పెట్టినా ఈ వేడి తగ్గదు, స్టార్టింగ్ సమయం మాత్రం పెరుగుతుంది. వోల్టేజీ పడిపోయినా అంతే. 415 ఉండాల్సింది 350కి దిగితే మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గం లెక్కన 71 శాతానికి పడిపోతుంది. ఫీడర్ చివర ఉన్న మిల్లుల్లో స్టార్టింగ్ సాగిపోవడానికి కారణం ఇదే.

వేడికి బార్లు, రింగులు వ్యాకోచిస్తాయి. స్టార్టింగ్ వేళ రోటర్‌లోని కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి బారు పైఅంచుకు ఎగదన్నుకొస్తుంది. దాంతో పైభాగం ఎక్కువ కాగి, అడుగుభాగం తక్కువ కాగి, బారు వంగాలని చూస్తుంది. ఆ వంపు భారమంతా బారు రింగును కలిసే చోట పడుతుంది. వేడెక్కిన ప్రతిసారీ, చల్లారిన ప్రతిసారీ అక్కడ ఒక చిన్న పగులు ఇంకొంచెం పెరుగుతుంది. పోతపోసిన అల్యూమినియం రోటర్‌లో గాలిబుడగ చిక్కుకుంటే పని ఇంకా త్వరగా అవుతుంది. చల్లని మోటారును వెంటవెంటనే రెండుసార్లు, వేడి మోటారును ఒక్కసారి మాత్రమే స్టార్ట్ చేయాలని నేమా ప్రమాణం పరిమితి పెట్టింది ఇందుకే. ట్రిప్ అయిన మోటారును నాలుగుసార్లు వరుసగా నొక్కి చూసే అలవాటు ఎక్కడున్నా మానుకోవలసిందే. ఒక బారు తెగాక దాని పక్క బార్లు అదనపు కరెంటు మోస్తాయి, వాటికి కూడా ఆయుష్షు తగ్గుతుంది.

లక్షణాలు ఒక ఉదాహరణతో చూస్తే తేటపడతాయి. బాయిలర్ పొగను లాగే ఫ్యాను, దానికి 110 కిలోవాట్ల 4 పోళ్ల మోటారు, నేరుగా కప్లింగ్. సింక్రనస్ వేగం 1500, నిండు భారం మీద వేగం 1480, కరెంటు 180 ఆంపియర్లు. తేడా 20 చుట్లు, అదే స్లిప్. స్టేటర్ క్షేత్రం రోటర్‌ను నిమిషానికి 20 సార్లు దాటిపోతుందని దీని అర్థం. ఆ క్షేత్రానికి 4 పోళ్లు. తెగిన బారు మీదుగా ఒక్కొక్క పోలూ దాటుతుంది కనుక నిమిషానికి 80 సార్లు రోటర్ బలం కొద్దిగా తగ్గుతుంది. బలం తగ్గినప్పుడల్లా వేగం ఓ వెంట్రుకవాసి పడి, మళ్లీ లేస్తుంది. కరెంటు అదే లయలో ఊగుతుంది. మోటారు మోత కూడా ఒకే స్థాయిలో ఉండకుండా పెరుగుతూ తగ్గుతూ వినిపిస్తుంది.

ప్యానెల్ మీద ముల్లు ఉన్న పాత ఆంప్‌మీటర్ ఉంటే ఇది కంటికే కనబడుతుంది. ముల్లు 175కు 185కు మధ్య సెకనుకు దాదాపు 1.33 సార్లు ఊగుతుంది. గడియారం పట్టుకుని నిమిషం లెక్కపెడితే 80 వస్తుంది. డిజిటల్ క్లాంప్ మీటర్‌తో ఇది పట్టడం కష్టం. అది సెకనుకు రెండు మూడు సార్లే అంకె మారుస్తుంది కాబట్టి లయ దొరకదు, అంకెలు గజిబిజిగా కదులుతున్నట్టు మాత్రమే కనిపిస్తాయి. ముల్లు మీటర్లను పాతవని పీకేసే ముందు ఈ ఒక్క పనికైనా ఒకటి ఉంచుకోవడం మంచిది.

ఇదే ఊపును స్పెక్ట్రమ్ ఎనలైజర్ మరో రూపంలో చూపుతుంది. కరెంటు క్లాంప్ నుంచి వచ్చిన సిగ్నల్‌ను పౌనఃపున్యాలుగా విడదీస్తే 50 హెర్ట్జ్ దగ్గర పెద్ద శిఖరం, దానికి అటూ ఇటూ రెండు చిన్న శిఖరాలు కనబడతాయి. ఇవే సైడ్‌బ్యాండ్లు. నిమిషానికి 80 అంటే 1.33 హెర్ట్జ్, కనుక అవి 48.67 దగ్గరా 51.33 దగ్గరా ఉంటాయి. రెండింటి పుట్టుక ఒకటి కాదు. కిందిది రోటర్‌లోని అసమానత వల్ల నేరుగా పుడుతుంది. పైది ఆ అసమానత తెచ్చే వేగపు ఊగిసలాట వల్ల పుడుతుంది. ఫ్యాను చక్రం బరువైనది కాబట్టి వేగాన్ని అంతగా ఊగనివ్వదు, పై శిఖరం చిన్నదిగానే ఉండవచ్చు. రెండూ సమానంగా లేవని సందేహపడనక్కరలేదు.

ఎత్తు ఎంతుంటే బారు తెగినట్టు? ఆరోగ్యంగా ఉన్న రోటర్‌లో సైడ్‌బ్యాండు ప్రధాన శిఖరానికి 54 డెసిబెళ్లు కింద, అంటే ఐదువందలో వంతు, లేదా అంతకన్నా తక్కువ ఉంటుంది. 45 దగ్గర అనుమానం మొదలవుతుంది. మన ఉదాహరణలో కింది శిఖరం 2.8 ఆంపియర్లు, 180కి 36 డెసిబెళ్లు తక్కువ. 40 బార్ల రోటర్‌లో ఈ స్థాయి దాదాపు ఒక బారు పూర్తిగా తెగినదానికి సరిపోతుంది. ఈ లెక్కను అంచనాగానే తీసుకోవాలి. తెగిన రెండు బార్లు సరిగ్గా సగం పోలు దూరంలో ఉంటే వాటి ప్రభావాలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి, శిఖరం చిన్నదిగా కనబడి మోసం చేస్తుంది.

పొరపాట్లు ఎక్కువగా జరిగేది స్లిప్ కొలతలో. మన గ్రిడ్ పౌనఃపున్యం ఎప్పుడూ నికరంగా 50 ఉండదు. అనుమతించిన హద్దు 49.90 నుంచి 50.05. టాకోమీటర్ 1480 చూపుతున్నప్పుడు గ్రిడ్ 49.90 దగ్గర ఉంటే సింక్రనస్ వేగం 1497, అసలు స్లిప్ 17 చుట్లే. అప్పుడు సైడ్‌బ్యాండు 1.33 దూరంలో కాక 1.13 దూరంలో ఉంటుంది. వెతకాల్సిన చోట వెతకకపోతే ఉన్న శిఖరం లేనట్టే తేలుతుంది. అందుకే సింక్రనస్ వేగాన్ని కాగితం మీది 1500 నుంచి కాకుండా, స్పెక్ట్రమ్‌లోని ప్రధాన శిఖరం నుంచే లెక్కగట్టాలి. రెండోది, రికార్డు చేసే సమయం. ఒక సెకను రికార్డుతో ఒక హెర్ట్జ్ తేడా కూడా సరిగా విడదీయలేం. భారం కదలకుండా ఉంచి 30 సెకన్లు రికార్డు చేస్తే శిఖరాలు విడివిడిగా నిలబడతాయి.

అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష ఇంకొకటుంది, దానికి ఖర్చు లేదు. భారం ఊగినా కరెంటులో సైడ్‌బ్యాండ్లు వస్తాయి. గేర్‌బాక్స్ నుంచి నిమిషానికి 80 చుట్లు తిరిగే షాఫ్టు ఒకటి ఉండి, దానికి ఓ పక్క బిగుతు ఉంటే, అది కూడా సరిగ్గా 1.33 దగ్గరే శిఖరం నిలబెడుతుంది. ఈ రెంటినీ విడదీయాలంటే భారం మార్చాలి. మన ఫ్యానుకు డ్యాంపర్ సగం మూస్తే వేగం 1490కి లేస్తుంది, స్లిప్ 10 చుట్లకు తగ్గుతుంది. బారు తెగి ఉంటే లయ 80 నుంచి 40కి పడిపోతుంది. యాంత్రిక కారణమైతే వేగంతో పాటే నడుస్తుంది కనుక 80కి అటు ఇటుగానే ఉండిపోతుంది. క్రషర్ దవడ నిమిషానికి వందల సార్లు కొట్టుకునే లయ కూడా ఇలాగే కదలకుండా నిలుస్తుంది. ఈ పరీక్ష చేయకుండా సీజను మధ్యలో రోటర్‌ను బయటికి లాగించడం సమర్థించదగ్గ పని కాదు. భారం మరీ తగ్గించినా ప్రయోజనం లేదు. స్లిప్ దాదాపు సున్నా అయి శిఖరాలు 50 హెర్ట్జ్ నీడలో కలిసిపోతాయి, బార్లలో కరెంటూ ఉండదు. నిండు భారంలో సగానికి తగ్గితే తీర్పు చెప్పకూడదు.

మోటారు విప్పకముందే షెడ్‌లో మరో పరీక్ష చేయవచ్చు. కప్లింగ్ విడదీసి, మూడు టెర్మినళ్లలో రెండింటికి మాత్రమే 60 నుంచి 100 వోల్టుల సింగిల్ ఫేజ్ సరఫరా ఇచ్చి, షాఫ్టును చేత్తో మెల్లగా తిప్పుతూ కరెంటు గమనించాలి. రోటర్ బాగుంటే కరెంటు దాదాపు మారదు. బారు తెగి ఉంటే 4 పోళ్ల మోటారులో చుట్టుకు 4 సార్లు పెరిగి తగ్గుతుంది. వైండింగ్ కాగకముందే ముగించాలి. ఈ పరీక్షకు ఒక లోపముంది. చల్లగా, నిలకడగా ఉన్నప్పుడు పగులు మూసుకుని ఉండవచ్చు. వేడెక్కి, వేగం అందుకున్నాకే అది తెరుచుకుంటుంది. కాబట్టి ఇందులో బాగుందని తేలినా, నడుస్తున్నప్పటి స్పెక్ట్రమ్ బాగాలేదంటే స్పెక్ట్రమ్ మాటే నమ్మాలి.

తెగిందని తేలాక ఏం చేయాలన్నది రోటర్ రకం మీద ఆధారపడుతుంది. రాగి బార్ల రోటర్‌లో తెగిన బారు మార్చి, రింగుకు మళ్లీ బ్రేజింగ్ చేసి, బ్యాలెన్స్ చేయవచ్చు. దాన్ని ఆలస్యం చేయకూడదు, ఎందుకంటే రాగి బారు విడిపోయి పైకి లేస్తే స్టేటర్ వైండింగ్‌ను కోసేస్తుంది. పోత అల్యూమినియం రోటర్‌ను సాధారణంగా మార్చేస్తారు. వీలు దొరికేదాకా నడపక తప్పకపోతే భారం తగ్గించి, స్టార్టులు వీలైనంత తగ్గించి నడపాలి, సైడ్‌బ్యాండు ఎత్తు వారం వారం రాసుకోవాలి. కొత్త రోటర్ ఎక్కించిన రోజునే అదే డ్యాంపర్ స్థానంలో మరోసారి స్పెక్ట్రమ్ తీసి భద్రపరచాలి. తర్వాతి కొలతలను పోల్చిచూడాల్సింది దానితోనే.