మొదటి వారం: అక్షరాలు, అంకెల లెక్క తేల్చుకునే తీరు

ఒకటో తరగతి మొదటి వారంలో జరిపే స్థాయి పరిశీలన ఒక్క ప్రశ్నకు జవాబివ్వాలి. వచ్చే సోమవారం ఏ బిడ్డకు పాఠం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? ఈ ప్రశ్నకు పనికిరాని అంశమేదైనా సరే, కాగితం మీద ఉండనక్కర్లేదు.

జూన్‌లో బడి తెరిచేసరికి నంద్యాల పట్టణంలో ఒకే గదిలో రకరకాల పిల్లలు కనిపిస్తారు. ఎల్‌కేజీ, యూకేజీ చదివి ఏబీసీడీలు గడగడా అప్పజెప్పేవాళ్లు కొందరు. అంగన్‌వాడీలో ఆటపాటలతో గడిపి వచ్చినవాళ్లు కొందరు. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు ఇంకొందరు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో పలకే పట్టకుండా నేరుగా వచ్చి కూర్చునే పిల్లలూ ఉంటారు. అందరికీ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చి రాయమంటే తేలేది పెన్సిల్ పట్టడం ఎవరికి వచ్చో, అంతే. కాబట్టి ఈ పరిశీలన నోటితో, చేతితో, ఒక్కొక్కరితో విడిగా జరగాలి. తలా ఎనిమిది నిమిషాలు చాలు. ఇరవై నలుగురున్న తరగతిలో రోజుకు ఆరుగురి చొప్పున నాలుగు రోజుల్లో పూర్తవుతుంది. బడి తెరిచిన మొదటి రోజున మాత్రం వద్దు, ఆ రోజు పిల్లల ఏడుపులకే సరిపోతుంది.

అక్షరాల కాగితంలో వర్ణమాల మొత్తం అక్కర్లేదు, పన్నెండు అక్షరాలు చాలు. వాటిని వరస తప్పించి రాయాలి. అ, ఆ, ఇ, ఈ అని వరసగా ఉంటే బిడ్డ అక్షరాన్ని చూడకుండానే పాటలా చెప్పుకుపోతుంది. సులువైన మాటలకు అక్కరకొచ్చే అక్షరాలను, ఒకదానికొకటి పోలికున్న అక్షరాలను కలిపి ఎంచుకోవాలి. మ, వ, య ఒక గుంపు. న, స ఒక జత. ట, ల మరో జత. పోలికున్నవి పక్కపక్కన పడకుండా, వరసకు మూడు చొప్పున నాలుగు వరసల్లో ఇలా రాయవచ్చు: ర, మ, అ, ట, న, ప, ఈ, వ, క, ల, స, య. తెలుగులో అక్షరం పేరు, అది పలికే ధ్వని దాదాపు ఒకటే కాబట్టి వాటికి వేర్వేరు ప్రశ్నలు అక్కర్లేదు. ఇంగ్లిష్‌లో ‘బీ’ అనే పేరు వేరు, మాటలో అది పలికే తీరు వేరు. ఏబీసీడీలను ఇదే కాగితంలో ఇరికించకుండా మరో రోజు చూడాలి.

దేశమంతటా పల్లెల్లో ‘అసర్’ సర్వే జరిపే ప్రథమ్ సంస్థ పద్ధతి ఇందుకు భిన్నం. అక్కడ పది అక్షరాల్లోంచి బిడ్డ తనకు నచ్చిన ఐదు చదువుతుంది, నాలుగు సరిగ్గా వస్తే అక్షరాలు వచ్చినట్టే లెక్క. ఊరూరా తిరిగే సర్వేకు అది సరిపోతుంది. తరగతిలో చెప్పే టీచరుకు కావలసింది రాని అక్షరాల జాబితా. ఎంపిక బిడ్డకే వదిలేస్తే, రానివాటిని తను తప్పించుకుంటుంది. అందుకే పన్నెండూ అడగాలి. మొదటి వరసలో ఒక్కటీ రాకపోతే, ‘ఇందులో నీకు తెలిసింది ఏదన్నా ఉంటే చూపించు నాయనా’ అని అడిగి అక్కడితో ఆపేయాలి. తప్పు చెప్పినా సరిదిద్దకూడదు. ‘సరే, ఇది?’ అంటూ ఒకే గొంతుతో ముందుకు పోవాలి.

నమోదులోనే అసలు పనితనం ఉంది. తప్పుకు ఇంటూ గుర్తు పెడితే సమాచారం సగం పోతుంది, బిడ్డ ఏమన్నదో అదే రాయాలి. అంగన్‌వాడీ నుంచి వచ్చిన ఒక పాపను ఊహించుకుందాం. అ నుంచి అః దాకా తడుముకోకుండా చెప్పేస్తుంది. కాగితం ముందు పెడితే ర, మ, అ, ట, న, ఈ, ల సరిగ్గా చదువుతుంది. వ చూసి ‘మ’ అంటుంది, య చూసినా ‘మ’ అంటుంది. స చూసి ‘న’ అంటుంది. ప, క దగ్గర మాట్లాడదు. లెక్కకు ఏడు వచ్చాయి. పక్కనున్న బాబుకూ ఏడే వచ్చాయి, అయితే మిగతా ఐదింటి దగ్గరా అతను మౌనంగా ఉన్నాడు. బాబుకు ఆ ఐదు కొత్త అక్షరాలు నేర్పితే చాలు. పాపకు మ, వ, య మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఏ గీత ఎటు తిరిగిందో వేలితో దిద్దించాలి. పైగా మూడింటినీ ‘మ’ అంటోంది కాబట్టి, మ వచ్చినట్టు పెట్టిన టిక్కును కూడా నమ్మలేం. ‘ఏడు’ అని మాత్రమే రాసుకుంటే ఇవేవీ బయటపడవు.

అంకెల దగ్గర మోసం ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఒకట్లు చెప్పడం వేరు, లెక్కపెట్టడం వేరు. అదే పాప ‘ఇరవై తొమ్మిది’ దాకా చక్కగా చెప్పి, ఆ తర్వాత ‘ఇరవై పది’ అంటుంది. ఆ తప్పు మంచి సంకేతం, మాటల కూర్పులోని పద్ధతి తనకు పట్టుబడింది. కానీ చింతగింజల గిన్నె ముందు పెట్టి ‘నాకు ఆరు ఇయ్యి’ అంటే గుప్పెడు తీసిస్తుంది. మూడు అడిగితే సరిగ్గా మూడే ఇస్తుంది. అంటే నోట్లో ఇరవై తొమ్మిది, చేతిలో మూడు. పిల్లలు అంకె మాటల అర్థాన్ని ఒకటి, రెండు, మూడు అంటూ మెట్టుమెట్టుగా పట్టుకుంటారని, ఆ తర్వాతే లెక్కింపు మర్మం వాళ్లకు అందుతుందని, ఇలా వస్తువులు ఇమ్మని అడిగే పద్ధతితోనే కారెన్ విన్ 1990లో ప్రచురించిన పరిశోధన చూపించింది.

కాబట్టి గింజలతో రెండు పనులు తప్పనిసరి. ఎనిమిది గింజలు వరసగా పేర్చి లెక్కపెట్టించాలి, వెంటనే ‘మొత్తం ఎన్ని?’ అని అడగాలి. చివరి అంకె చెబితే సరే. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే, ఆఖరి అంకే మొత్తమని బిడ్డకు ఇంకా తెలియలేదని రాసుకోవాలి. తర్వాత గిన్నెలోంచి మూడు, ఐదు, ఏడు ఇమ్మనాలి. అంకెల అట్టలు ఆ తర్వాతే. వాటిలో 6, 9 ఉండాలి, 12, 21 ఉండాలి.

జవాబు ఏ భాషలో వచ్చినా తీసుకోవాలి. అట్ట మీది 7 చూసి ‘సెవెన్’ అన్నా, ‘సాత్’ అన్నా అంకె వచ్చినట్టే. ఉర్దూ ఇంటి బిడ్డను తెలుగులోనే అడిగి సున్నా వేస్తే, కొలిచింది భాషను, లెక్కను కాదు. బడిలో ఉర్దూ వచ్చిన పెద్ద తరగతి బిడ్డ ఉంటే ప్రశ్న అడగడానికి సాయం తీసుకోవచ్చు, జవాబు అందించకుండా చూసుకుంటే చాలు.

ఇంత చేసినా కాగితమే తప్పు కావచ్చు. అందరికీ అన్నీ వచ్చినా, ఎవరికీ ఏమీ రాకపోయినా అది ఎవరినీ విడదీయలేదన్న మాట, అక్షరాలు మార్చాలి. ముగ్గురు పిల్లలను రెండు రోజుల తర్వాత మళ్లీ అడిగి చూడాలి. జవాబులు బాగా తేడాగా వస్తే మొదటిసారి బిడ్డ బెదిరి ఉండొచ్చు, లేదా వరండాలో గోల ఎక్కువై ఉండొచ్చు. అలాంటి ఫలితంతో పిల్లలను గుంపులు చేయకూడదు. పన్నెండులో తొమ్మిది వచ్చాయంటే వర్ణమాలలో ముప్పావు వంతు వచ్చిందనీ అర్థం కాదు, ఎందుకంటే ఆ పన్నెండూ ఏరి పెట్టినవి.

ఒకటో తరగతిలో చేరిన పిల్లలను బడికి సిద్ధం చేసేందుకు ఎన్‌సీఈఆర్‌టీ 2021లో తెచ్చిన విద్యాప్రవేశ్ పన్నెండు వారాల కార్యక్రమం. ఆ గడువు పూర్తయ్యాక అదే పద్ధతిలో, అక్షరాల వరస మార్చి మళ్లీ చూడాలి. అప్పటిదాకా ఈ కాగితాన్ని తల్లిదండ్రులకు మార్కుల జాబితాలా చూపించవద్దు. దాని చోటు టీచరు బల్ల సొరుగు, ప్రతి సోమవారం పాఠం రాసుకునే ముందు తీసి చూసుకోవాలి.