ఎనిమిది గంటల రోజులో అయిదు గంటల పని

రిలీజ్ తేదీ ముంచుకొచ్చినప్పుడు శని, ఆదివారాలు ఆఫీసుకు రమ్మనడం మన సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో మామూలే. అప్పుడు అందరూ టీమ్ వేగాన్ని తప్పుపడతారు. నేను మాత్రం మొదట ఎస్టిమేట్ షీటు తెరవమంటాను. చాలాసార్లు తప్పు అక్కడే, రోజుకు ఎనిమిది గంటలు అని వేసిన గడిలోనే దొరుకుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. ఆరుగురు మనుషులు, ఆరు వారాలు. చేయాల్సిన పనిని టికెట్ల వారీగా అంచనా వేస్తే 1,100 గంటలు తేలింది. ఆరుగురికి ముప్ఫై పనిరోజులు, రోజుకు ఎనిమిది గంటలు అంటే 1,440 గంటలు. పని సులువుగా పట్టేసి ఇంకా 340 గంటలు మిగిలేటట్టు కనిపిస్తుంది. క్లయింట్‌కు తేదీ చెప్పేస్తారు.

కానీ ఆ 1,100 గంటలు ఎలాంటివి? టికెట్ చూసి డెవలపర్ ‘ఇది ఆరు గంటల పని’ అన్నాడంటే, ఎవరూ కదిలించకుండా కూర్చుంటే ఆరు గంటలు అని. అలాంటి గంటలు రోజుకు ఎనిమిది ఎవరికీ దొరకవు. పొద్దున స్టాండప్, పక్కవాళ్ల కోడ్ రివ్యూ, ప్రొడక్షన్‌లో ఏదో ఆగిపోయిందని వచ్చే ఫోను, కొత్తగా చేరిన కుర్రాడి సందేహాలు. ఇవన్నీ పనే, కాకపోతే టికెట్ అంచనాలో లేని పని. నేను చూసిన టీముల్లో టికెట్‌కు మిగిలేది రోజుకు అయిదు గంటలు, కొన్నిచోట్ల నాలుగే. మీ టీమ్ అంకె తెలుసుకోవడం కష్టం కాదు. గత మూడు స్ప్రింట్లలో నిజంగా పూర్తయిన టికెట్ల అంచనా గంటలన్నీ కూడి, ఆ కాలంలో మనుషులు హాజరైన రోజుల మొత్తంతో భాగించండి. టైమ్‌షీట్ చూడొద్దు. అందులో అందరూ ఎనిమిదే రాస్తారు.

ఇప్పుడు లెక్క మళ్లీ వేద్దాం. ఆ ఆరు వారాల్లో దసరా పడి రెండు రోజులు పోయాయి, ఒకరు ఇంట్లో పెళ్లికని అయిదు రోజులు లీవు పెట్టారు. 180 మనిషి-రోజుల్లో మిగిలినవి 163. రోజుకు అయిదు చొప్పున 815 గంటలు. అంటే మొదటి రోజునే 285 గంటల లోటు ఉంది. షీటులో ఎనిమిది వేసినందువల్ల అది మూడో వారం దాటేవరకూ ఎవరికీ కనపడదు. కనపడ్డాక వినిపించే మాట ఒకటే: ‘ఈ మూడు వారాలు రోజుకు పన్నెండు గంటలు, శనివారాలు కూడా.’ ఒక్కొక్కరికి వారానికి 32 అదనపు గంటలు, ఆరుగురికి మూడు వారాల్లో 576. లోటుకు రెట్టింపు దొరికింది కదా అనుకుంటారు.

దొరకదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ ఆయుధ కర్మాగారాల్లో కార్మికుల పనిగంటలను, ఉత్పత్తిని కొలిచి రాసిపెట్టారు. వాళ్లలో ఎక్కువమంది స్త్రీలు. ఆ లెక్కలను స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త జాన్ పెన్‌కావెల్ 2014లో తిరిగి పరిశీలించారు. వారానికి దాదాపు 50 గంటల వరకు గంటలు పెరిగిన కొద్దీ ఉత్పత్తి అదే లెక్కన పెరిగింది. ఆ తరువాత పెరుగుదల తగ్గుతూ వచ్చింది. 70 గంటలు చేసినా, 56 గంటలు చేసినా చివరికి వచ్చిన సరుకులో పెద్ద తేడా లేదు. అది ఫ్యాక్టరీ పని, మనది కోడ్. ఆ అంకెలు మనకు అచ్చంగా వర్తించకపోవచ్చు. కానీ కోడ్‌లో అలసట ఇంకా ఖరీదైనది, ఎందుకంటే అలసిన మనిషి రాసింది మరుసటి వారం ఇంకొకరి సమయాన్ని తినేస్తుంది.

హైదరాబాద్ టీములకు ఇంకో చిక్కుంది. ఓవర్‌టైమ్ ప్రకటించక ముందే వాళ్లు నలభై గంటలు దాటి ఉంటారు. అమెరికా క్లయింట్‌తో రాత్రి ఎనిమిదిన్నరకు కాల్ ఉంటుంది. వంతు వచ్చినప్పుడు వీకెండ్ సపోర్ట్. ఉప్పల్ నుంచి గచ్చిబౌలి వచ్చి వెళ్లే గంటలు ఏ షీటులోనూ ఉండవు. ఇవన్నీ కలిపితే మామూలు వారమే 50 దగ్గరికి చేరుతుంది. పైన పెట్టే ప్రతి గంటా ఆ గీతకు అవతలే పడుతుంది. ఓవర్‌టైమ్ అడిగే ముందు ఈ గంటలను కూడా రాసుకోవాలని నా పట్టుదల.

అలసట గురించి అలసినవాణ్నే అడిగి లాభం లేదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2003లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, వరుసగా రెండు వారాలు రాత్రికి ఆరు గంటలో అంతకన్నా తక్కువో పడుకున్నవాళ్ల చురుకుదనం, ఒకటి రెండు రాత్రులు అసలే నిద్రపోనివాళ్ల స్థాయికి పడిపోయింది. వాళ్లకు మాత్రం తాము అంతగా దిగజారామన్న స్పృహ లేదు. మూడో వారం క్రంచ్‌లో ‘నాకేం కాలేదండీ, చేసేస్తాను’ అనే మాట నిజాయితీగానే వస్తుంది. అందుకే నేను మాటను కాకుండా టికెట్లను చూస్తాను. మూసేసిన టికెట్లలో ఎన్ని తిరిగి తెరుచుకుంటున్నాయి? రివ్యూలో ప్రశ్నలు ఆగిపోయి ఉత్త ‘ఓకే’లు మిగిలాయా? వెనక్కి తీసిన మార్పులు పెరుగుతున్నాయా? చివరిదానికి ఒక్క కమాండ్ చాలు:

```
git log --oneline --grep='^Revert' --since='4 weeks ago'
```

ఆ వరుస వారం వారం పొడుగవుతుంటే, అదనపు గంటలు పాత తప్పులను సరిచేయడానికే పోతున్నాయన్నమాట.

మరి 285 గంటల లోటుకు దారేది? నేనైతే ఓవర్‌టైమ్‌ను రెండు వారాలకు, రోజుకు రెండు గంటలకు మించనివ్వను. అది 120 గంటలు. అందులో సగమే లెక్కలో వేసుకుంటాను, 60. సగం అన్నది నా అనుభవం మీద పెట్టుకున్న అంకె. ఆ రెండు వారాలు నాలుగోదీ అయిదోదీ అవ్వాలి. రిలీజ్ వారం మామూలు గంటలే. డేటాబేస్ మార్పులు ప్రొడక్షన్‌కు ఎక్కించే రాత్రి అందరికన్నా తెలివిగా ఉండాల్సింది ఆ పని చేసే మనిషే.

మిగిలిన 225 గంటలు పనిలోంచి తీసేయాలి, లేదా తేదీ జరగాలి. వారానికి 150 గంటల టీమ్‌కు అది వారంన్నర. ఈ సంగతి క్లయింట్‌కు మొదటి వారంలో చెబితే బేరానికి వీలుంటుంది. రిపోర్టుల్లో ఏవి నెలాఖరు దాకా అక్కర్లేదో, పాత డేటా మార్చడం రెండో విడతకు వాయిదా వేయొచ్చో లేదో వాళ్లే చూసి చెప్పగలరు. అయిదో వారంలో చెబితే వాళ్ల చేతుల్లోనూ ఏమీ ఉండదు. ఓవర్‌టైమ్‌ను మొదటి రోజు షీటులోనే కలిపేస్తే మాత్రం, ఒకరికి డెంగీ వచ్చినా, బయటి సంస్థ ఏపీఐ ఆలస్యమైనా లాగడానికి ఇంకేం మిగలదు.

షీటులో ఇంకో వరుస ఉండాలి, రిలీజ్ తరువాతి వారానిది. ఆరుగురికీ రెండేసి రోజులు కాంప్‌ఆఫ్ ఇస్తే పద్దెనిమిది మనిషి-రోజులు మిగులుతాయి. వాటికి రోజుకు అయిదు కాదు, మూడు గంటలే వేస్తాను, మొత్తం 54. ఆ 54 గంటలూ రిలీజ్‌లో బయటపడ్డ బగ్‌లకే పోతాయి. కొత్త ప్రాజెక్టు టికెట్ ఒక్కటి కూడా అందులో పెట్టను.