వ్యాఖ్యాతల కోరిక, ప్రేక్షకుల అవసరం: వీడియో అభిరుచి సర్వేలపై ఒక పద్ధతిశాస్త్ర విమర్శ

వ్యాససంగ్రహం

తెలుగు వీడియో మాధ్యమంపై వస్తున్న పరిశోధనల్లో ప్రేక్షకుల అభిరుచిని వ్యాఖ్యల ఆధారంగానో, చందాదారుల ఓటింగు ఆధారంగానో నిర్ణయించే పద్ధతి కనిపిస్తున్నది. ఇలా సేకరించిన సమాచారం ప్రేక్షకులందరికీ ప్రాతినిధ్యం వహించదు. సికింద్రాబాదు రైల్వే నియామక పరీక్షల అభ్యర్థుల కోసం తయారయ్యే తెలుగు పాఠ్యవీడియోలను ఉదాహరణగా తీసుకొని, ఈ దోషం ఎక్కడ పుడుతుందో, ఎలా గుర్తించాలో, ఎంతవరకు సవరించగలమో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: నమూనా, స్వయంఎంపిక, ప్రతిస్పందనలేమి, భారితసగటు, చందాదారులు, పాఠ్యవీడియోలు.

1. పరిచయం

సికింద్రాబాదు దక్షిణమధ్య రైల్వేకు కేంద్రస్థానం. రైల్వే నియామక మండళ్లలో ఒకటి ఈ నగరంలోనే ఉన్నది. సాంకేతికేతర ఉద్యోగాల (ఎన్.టి.పి.సి.) పరీక్షను తెలుగులోనూ రాయవచ్చు. మొదటిదశ పరీక్షలో 90 నిమిషాల్లో 100 ప్రశ్నలకు సమాధానాలు గుర్తించాలి. వాటిలో సామాన్యపరిజ్ఞానానికి 40, గణితానికి 30, తార్కికశక్తికి 30 ప్రశ్నలు ఉంటాయి. ప్రతి తప్పు సమాధానానికి మూడోవంతు మార్కు పోతుంది. ఈ పరీక్షకు తెలుగులో పాఠాలు చెప్పే యూట్యూబ్ చానళ్లు అనేకం ఉన్నాయి. శిక్షణసంస్థలో రుసుము చెల్లించలేని అభ్యర్థికి ఆ పాఠాలే ప్రధానమైన ఆధారం. కాబట్టి తరువాతి వీడియో ఏ అంశంపై రావాలన్నది వినోదానికి సంబంధించిన ప్రశ్న కాదు. తప్పుగా ఎంపికైన పాఠ్యక్రమం వల్ల నష్టపోయేది ఎక్కువగా నోరువిప్పని విద్యార్థే.

ఈ ఎంపిక సాధారణంగా ఎలా జరుగుతుంది? "మీకు ఏ వీడియో కావాలి?" అని చానల్ తన చందాదారులను అడుగుతుంది. లేదా వ్యాఖ్యల్లో వచ్చిన అభ్యర్థనలను లెక్కిస్తుంది. పరిశోధకుడు కూడా అదే సమాచారాన్ని పట్టికగా మార్చి, "ప్రేక్షకులు ఫలానా అంశాన్ని కోరుతున్నారు" అని నిర్ధారిస్తాడు. ఈ వ్యాసం విమర్శించేది ఆ వాక్యంలోని 'ప్రేక్షకులు' అనే మాటను.

2. దోషం పుట్టే మూడు చోట్లు

ఒక వీడియో చూసినవారందరూ చందాదారులు కారు. చందాదారులందరూ ఓటు వేయరు. ఓటు వేసినవారందరూ వ్యాఖ్య రాయరు. ఒక్కో మెట్టు దగ్గర కొందరు జారిపోతారు. జారిపోవడం యాదృచ్ఛికమైతే సంఖ్య తగ్గుతుందే తప్ప ఫలితం ఒకవైపు ఒరగదు. ఇక్కడ జరిగేది అది కాదు.

మొదటి మెట్టు చందా. రెండోసారో మూడోసారో పరీక్షకు సిద్ధమవుతున్న అభ్యర్థి రోజూ వర్తమానాంశాల వీడియో చూస్తాడు కనుక చందాదారు అవుతాడు. భిన్నాల లెక్క అర్థంకాక వెతుక్కుంటూ వచ్చిన కొత్త అభ్యర్థి ఆ ఒక్క పాఠం చూసి వెళ్లిపోతాడు. అంటే చందా ఉండటమనేది ఏ రకం వీడియో కావాలన్న దానితోనే ముడిపడి ఉన్నది. అడిగే ప్రశ్నకూ, అడగబడేవారి ఎంపికకూ మధ్య ఉన్న ఈ సంబంధమే పక్షపాతానికి మూలం.

రెండో మెట్టు ఓటు. చందాదారుల్లో కూడా తరచుగా వచ్చేవారికే ఆ ప్రశ్న కనబడే అవకాశం ఎక్కువ.

మూడో మెట్టు వ్యాఖ్య. ఇక్కడ లెక్కింపు ప్రమాణమే మారిపోతుంది. ఒకే వ్యక్తి ఇరవై వ్యాఖ్యలు రాయవచ్చు. వ్యాఖ్యల సంఖ్యను వ్యక్తుల సంఖ్యగా చూపితే ఆ ఒక్కడు ఇరవైమంది అవుతాడు. పైగా గణిత వీడియో కింద గణితం గురించే రాస్తారు. ఆ చానల్ ఎన్నడూ చెప్పని అంశాన్ని కోరేవారు అక్కడికి రానేరారు. సికింద్రాబాదు వంటి బహుభాషానగరంలో ఇంకొక పొర ఉన్నది. ఇంట్లో ఉర్దూనో తమిళమో మాట్లాడుతూ తెలుగు పాఠం వినే విద్యార్థికి విని అర్థం చేసుకోవడం సులభమే కానీ, పదిమంది చదివేచోట తెలుగులో రాయడం సులభం కాకపోవచ్చు.

3. పాత పాఠం

ఈ దోషం యూట్యూబుతో పుట్టింది కాదు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక టెలిఫోను పుస్తకాలు, కారు యజమానుల జాబితాల వంటివాటి నుంచి పేర్లు తీసి సుమారు కోటిమందికి నమూనా ఓటుపత్రాలు పంపింది. ఇరవైమూడు లక్షలకు పైగా తిరిగివచ్చాయి. లాండన్ గెలుస్తాడని పత్రిక ప్రకటించింది. రూజ్‌వెల్ట్ సుమారు 61 శాతం ఓట్లతో గెలిచాడు.

ఈ వైఫల్యానికి సంపన్నుల జాబితాయే కారణమని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. 1988లో పెవరిల్ స్క్వయిర్ చేసిన పునఃపరిశీలన మరొక కారణాన్ని ముందుకు తెచ్చింది. ఓటుపత్రం అందినవారందరూ బదులిచ్చి ఉంటే, కనీసం విజేత ఎవరన్నది పత్రిక సరిగ్గానే చెప్పగలిగేదని ఆయన తేల్చాడు. జాబితా లోపం ఒకటైతే, బదులివ్వడంలోని స్వయంఎంపిక రెండోది. ఇరవై లక్షలకు మించిన సంఖ్య కూడా దాన్ని కప్పిపుచ్చలేకపోయింది. లక్ష ఓట్లు వచ్చాయని చెప్పుకునే చానల్ సర్వేకూ ఇదే వర్తిస్తుంది.

మన దగ్గర భిన్నమైన సంప్రదాయమూ ఉన్నది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఉపగ్రహం ద్వారా గ్రామాలకు టెలివిజన్ పాఠాలు ప్రసారం చేసిన 'సైట్' ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలు ఉన్నాయి. హైదరాబాదు అందులో ఒక కార్యక్రమ నిర్మాణకేంద్రం. ఆ ప్రయోగం ఉత్తరాల కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. పరిశోధకులు గ్రామాలకు వెళ్లి, చూసినవారినీ చూడనివారినీ అడిగారు. ఉత్తరం రాయలేని ప్రేక్షకుడి అభిప్రాయం కావాలంటే అతని దగ్గరకు వెళ్లక తప్పదు.

4. సవరణ: ఒక ఉదాహరణ

ఈ కింది అంకెలు పద్ధతిని వివరించడానికి ఊహించినవి. ఏ చానల్‌వీ కావు. ఒక చానల్ తరువాతి పాఠ్యక్రమం కోసం మూడు అంశాలను ప్రతిపాదించిందనుకుందాం: వర్తమానాంశాలు, గణిత మూలసూత్రాలు, పాత ప్రశ్నపత్రాల సాధన. చందాదారుల్లో 1000 మంది ఓటు వేశారు. వర్తమానాంశాలకు 60 శాతం, గణితానికి 25, పాత ప్రశ్నపత్రాలకు 15 వచ్చాయి. ఇక్కడే ఆగితే వర్తమానాంశాలకు తిరుగులేదు.

ఇప్పుడు చందా లేని ప్రేక్షకులను విడిగా అడగాలి. గ్రంథాలయ పఠనమందిరం వద్దో, పరీక్షాకేంద్రం బయటో వేర్వేరు వేళల్లో నిలబడి, బయటికి వచ్చే ప్రతి ఐదో వ్యక్తిని ఆపి, గత నెలలో ఆ చానల్ వీడియో ఏదైనా చూశారా, చందా ఉందా అని ముందు అడిగి, తరువాత అసలు ప్రశ్న వేయాలి. ఎవరిని ఆపాలన్నది అడిగేవాడి ఇష్టానికి వదలకూడదు. నిరాకరించినవారినీ లెక్కించాలి. ఇలా దొరికిన 200 మందిలో వర్తమానాంశాలకు 20 శాతం, గణితానికి 45, పాత ప్రశ్నపత్రాలకు 35 వచ్చాయనుకుందాం.

రెండు జాబితాలను ఒకేచోట కలిపేస్తే 1200 మందిలో వర్తమానాంశాలకు 53 శాతం వస్తుంది. చందాదారులు సంఖ్యలో ఎక్కువ కనుక వారి స్వరమే మళ్లీ గెలుస్తుంది. అందుకే ప్రతి వర్గానికీ, అది నమూనాలో ఎంత ఉన్నదన్నది కాక, వాస్తవ ప్రేక్షకుల్లో ఎంత ఉన్నదో అంత భారం ఇవ్వాలి. చందాదారుల వాటా 30 శాతం, ఇతరుల వాటా 70 శాతం అయితే:

వర్తమానాంశాలు: 0.3 × 60 + 0.7 × 20 = 32
గణితం: 0.3 × 25 + 0.7 × 45 = 39
పాత ప్రశ్నపత్రాలు: 0.3 × 15 + 0.7 × 35 = 29

వరుస మారిపోయింది. అయితే ఇంకొక అడుగు వేయకుండా గణితమే గెలిచిందని ప్రకటించడం మరో పొరపాటు. చందా లేనివారు 200 మందే కనుక, గణితానికీ వర్తమానాంశాలకూ మధ్య కనిపించే 7 శాతం తేడాకు 95 శాతం విశ్వాసస్థాయిలో సుమారు ±7.6 దోషపరిమితి ఉంటుంది. ఆ తేడా యాదృచ్ఛికం కావచ్చు. కచ్చితంగా చెప్పగలిగింది వేరు: వర్తమానాంశాల మద్దతు 28–36 శాతం మధ్యలో ఉన్నది, 60 శాతమన్న వాదన నిలవదు. చందా లేనివారిని 400 మందిని అడిగి, అవే నిష్పత్తులు వస్తే దోషపరిమితి సుమారు ±5.5కు తగ్గి, గణితం ఆధిక్యం నిలుస్తుంది. చందాదారుల ఓట్లను పదివేలకు పెంచినా ఈ మెరుగు రాదు. లోటు ఉన్నచోటే శ్రమ పెట్టాలి.

5. భారాల పరిమితులు

30, 70 అన్న వాటాలు ఎక్కడివి అన్నది మొదటి సందేహం. యూట్యూబ్ స్టూడియో వీక్షణలను చందా ఉన్నవారివి, లేనివారివి అని విభజించి చూపుతుంది. కానీ వీక్షణ వేరు, వ్యక్తి వేరు. చందాదారుడు నెలలో ఇరవై వీడియోలు చూస్తే ఇరవై వీక్షణలు. కొత్తవాడివి ఒకటో రెండో. వీక్షణల వాటానే భారంగా తీసుకుంటే చందాదారుల బరువు మళ్లీ పెరుగుతుంది. పరిశోధకుడు 'ఎంతమందికి కావాలి' అని అడుగుతున్నాడా, 'ఎన్నిసార్లు చూస్తారు' అని అడుగుతున్నాడా అన్నది ముందే తేల్చుకోవాలి. మొదటిదైతే నెలకు ఎన్ని వీడియోలు చూస్తారో ప్రతివారినీ అడిగి, ఆ సగటుతో వీక్షణలను భాగించి వ్యక్తుల వాటాను అంచనా కట్టాలి.

రెండోది మరింత లోతైనది. ఒకే వర్గంలో బదులిచ్చినవారూ ఇవ్వనివారూ ఒకేలా ఆలోచిస్తారన్న ఊహపైనే భారం నిలుస్తుంది. ఆ చందాదారులు మొత్తం 10,000 మంది అయితే, వర్తమానాంశాలు కావాలని మనకు తెలిసినవారు 600 మందే. ఓటు వేయని 9000 మందిలో ఎవరికీ అది అక్కరలేకపోతే నిజమైన మద్దతు 6 శాతం. అందరికీ కావాలంటే 96 శాతం. ఈ రెండు కొసల మధ్య 60 అన్న అంకెను నిలబెట్టేది ఊహ మాత్రమే. ఆ ఊహను కొంతవరకు పరీక్షించవచ్చు. ఓటర్ల వయస్సు, చూసే తరచుదనం స్టూడియో చూపే ప్రేక్షకుల వివరాలతో సరిపోతున్నాయా అని చూడాలి. మొదటిరోజు ఓటు వేసినవారినీ, గుర్తుచేశాక వేసినవారినీ పోల్చాలి. ఆలస్యంగా వచ్చినవారు ముందువారికి భిన్నంగా ఉంటే, అసలు రానివారు ఇంకా భిన్నంగా ఉండవచ్చునన్న హెచ్చరిక అది.

మూడోది: అసలు ఎవరూ దొరకని వర్గానికి ఏ భారమూ పనికిరాదు. సున్నాను ఎంతతో గుణించినా సున్నాయే. ఆ చానల్‌ను ఒక్కసారీ చూడని అభ్యర్థుల అభిప్రాయం ప్రేక్షకుల సర్వేలో లేదు. దాన్ని అభ్యర్థుల మధ్యనే వెతకాలి.

6. ముగింపు

వ్యాఖ్యలు పనికిరావని ఈ వ్యాసం చెప్పడం లేదు. ఏ పాఠంలో ఏ మెట్టు అర్థంకాలేదో, ఏ ఉదాహరణ తప్పిందో తెలుసుకోవడానికి అవి చక్కని ఆధారం. ప్రశ్నలను కనుగొనడానికి వ్యాఖ్యలు చాలు. నిష్పత్తులు చెప్పడానికి చాలవు. రెండో నమూనా సేకరించే వనరులు లేని పరిశోధకుడు తన నిర్ధారణను కుదించుకోవడమే న్యాయం. "ప్రేక్షకుల్లో 60 శాతం కోరుతున్నారు" అని కాక, "ఓటు వేసిన 1000 మంది చందాదారుల్లో 600 మంది కోరారు" అని రాయాలి. అప్పుడు చదువరికి మిగిలినవారెందరో, వారిని ఎవరూ అడగలేదన్న సంగతీ ఆ వాక్యంలోనే కనిపిస్తుంది.