డబ్బు ముట్టిన సంగతి మొదటి వాక్యంలోనే

2001 జులై 3న బెంగళూరులో రేడియో సిటీ మొదలైంది. దేశంలో తొలి ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్ అదే. పాటకూ పాటకూ మధ్య, అప్పటిదాకా ట్రాఫిక్ గురించో వాన గురించో మాట్లాడిన గొంతే ఒక దుకాణం పేరు కూడా చెప్పే పద్ధతి ఎఫ్ఎంతో ఇక్కడ బాగా వేళ్లూనుకుంది. ఇవాళ మారతహళ్లి, బెళ్లందూరు చుట్టుపక్కల అద్దె గదుల్లో మైకులు పెట్టుకుని తెలుగులో పాడ్‌కాస్టులు చేస్తున్న కుర్రవాళ్లు నడుస్తున్నదీ ఆ దారిలోనే. కంపెనీ విడిగా తీయించిన ప్రకటనైతే వినేవాడు ప్రకటనగానే వింటాడు. రోజూ కబుర్లు చెప్పే మనిషి చెబితే మాత్రం స్నేహితుడి సలహాలా వింటాడు. కంపెనీ డబ్బు పెట్టేది ఆ నమ్మకం మీదే. అందుకే డబ్బు ముట్టిన సంగతి దాస్తే, కంపెనీ తప్పు కంటే ఆ గొంతు తప్పే పెద్దదని నేననుకుంటాను.

మన దేశంలో దీనికి రాతపూర్వకమైన నియమాలు వచ్చింది ఈమధ్యే. ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కి రూపొందించిన మార్గదర్శకాలు 2021 జూన్ 14 నుంచి అమల్లో ఉన్నాయి. 2022 జూన్‌లో కేంద్రం వినియోగదారుల రక్షణ చట్టం కింద నిబంధనలు తెచ్చింది. సిఫారసు చేసేవాడి అభిప్రాయం నిజమైనదై, ఇప్పటిదై ఉండాలి. దాని వెనక సరైన సమాచారమో అనుభవమో ఉండాలి. కంపెనీతో లావాదేవీ ఉంటే పూర్తిగా బయటపెట్టాలి. డబ్బే కానక్కర్లేదు, ఉచితంగా వచ్చిన వస్తువైనా, హోటల్ బసైనా, చుట్టరికమైనా లెక్కలోకే వస్తుంది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడొచ్చు.

ఇక స్క్రిప్టు సంగతి. గంటసేపు సాగే ఒక వీడియో పాడ్‌కాస్టు ఉందనుకుందాం. మధ్యలో ఒకటిన్నర నిమిషం గానుగ నూనె కంపెనీది. ఇలాంటి చోట తేలిగ్గా చేతికొచ్చే ఎత్తుగడ ఒకటుంది. అతిథి చిన్ననాటి వంటింటి ముచ్చట చెబుతుంటాడు. హోస్ట్ అందుకుని, 'అన్నట్టు నూనె అంటే గుర్తొచ్చింది, మొన్న మా ఇంటికొక నూనె తెప్పించాం' అంటూ జారిపోతాడు. అతుకు కనపడకపోవడమే గొప్ప పనితనమని చాలామంది మెచ్చుకుంటారు. నాకది మోసమే. డబ్బు మాట వచ్చేసరికి సగం పొగడ్త వినేవాడి మనసులోకి దిగిపోయి ఉంటుంది. పైగా నోరు విప్పని అతిథి కూడా ఆ నూనెకు సాక్షి అయిపోతాడు.

అతుకు స్పష్టంగా కనపడాలి. రెండు సెకన్ల సంగీతం వేసి, హోస్ట్ అతిథి వైపు కాకుండా కెమెరా వైపు తిరిగి ఇలా మొదలుపెట్టాలి:

'ఇప్పుడొక ప్రకటన, ఫలానా గానుగ నూనె కంపెనీ దీనికి మాకు డబ్బిచ్చింది. రెండు సీసాల నూనె కూడా ఉచితంగా పంపింది.'

ఇందులో డొంకతిరుగుడు లేదు. 'వారి సహకారంతో', 'మా మిత్రులు' లాంటి మాటలతో సరిపెడితే ఇల్లు సర్దుకుంటూ వినే ఇల్లాలికి డబ్బు చేతులు మారిందని తట్టదు. మాట తెలుగులో నడుస్తున్నప్పుడు ఈ సంగతి కూడా తెలుగులోనే చెప్పాలి. తర్వాత:

'నెల రోజులుగా మా ఇంట్లో పోపులకు ఇదే వాడుతున్నాం. వేడెక్కగానే వేరుశనగ వాసన గుప్పుమంటుంది. కందిపొడి అన్నంలో నాకు చాలా నచ్చింది. దోసెల మీద మాత్రం ఆ వాసన మా పిల్లలకు పడలేదు. గింజలు అనంతపురం రైతుల దగ్గర కొని చెక్క గానుగలో ఆడిస్తామని కంపెనీ చెబుతోంది. ఆ గానుగ నేను చూడలేదు. ధర మామూలు నూనె కంటే ఎక్కువే. కింద ఇచ్చిన కోడ్ వాడితే మీకు కొంత తగ్గుతుంది, మాకు కమీషన్ వస్తుంది. ప్రకటన అయిపోయింది. మళ్లీ మన కబుర్లలోకి వద్దాం.'

ఈ నాలుగు మాటల్లో ఎవరి మాట ఎక్కడ ఆగుతుందో గమనించండి. వాసన, రుచి హోస్ట్ అనుభవం, కాబట్టి 'నాకు', 'మా ఇంట్లో' అని చెబుతాడు. గింజలు, గానుగ కంపెనీ మాట, కాబట్టి 'కంపెనీ చెబుతోంది' అని వస్తుంది. చూడనిది చూడలేదనే అంటాడు. స్క్రిప్టు చెడేది ఎక్కువగా ఈ గట్లు చెరిగినప్పుడే. 'చెక్క గానుగలో ఆడిస్తామని కంపెనీ చెబుతోంది' అన్న వాక్యం రికార్డింగ్ వేళకు 'చెక్క గానుగలో ఆడించిన నూనె' అయిపోతుంది. పలకడానికి హాయిగా ఉంటుంది కానీ, కంపెనీ పూచీ కాస్తా హోస్ట్ పూచీగా మారిపోతుంది. హోస్ట్ నిజంగా నెల రోజులు వాడి ఉండకపోతే 'నెల రోజులుగా' అన్న వాక్యానికే చోటు లేదు. వాడినన్ని రోజులే చెప్పాలి.

కంపెనీ పంపే ముఖ్యాంశాల కాగితంలో దాదాపు ఎప్పుడూ కనపడే మాట ఒకటి, 'కొలెస్ట్రాల్ లేని నూనె'. అబద్ధం కాదు. కానీ కొలెస్ట్రాల్ గురించి పట్టించుకోవాల్సింది జంతువుల నుంచి వచ్చే కొవ్వుల్లోనే. వేరుశనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు, ఏ గింజ నూనెకైనా 'కొలెస్ట్రాల్ లేని' అన్న మాట వర్తిస్తుంది. ఈ ఒక్క నూనెకే ఉన్న సుగుణంలా చెబితే నిజంతోనే తప్పుదోవ పట్టించినట్టు. 'గుండెకు మంచిది' అన్నది ఇంకా బరువైన మాట. ఆరోగ్యం, డబ్బు విషయాల్లో సలహా చెప్పేవాళ్లు తమ అర్హతను కూడా చెప్పాలని ఆస్కి 2023 ఆగస్టులో నియమం చేర్చింది. హోస్ట్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగైతే ఆ వాక్యం కొట్టేయాల్సిందే. అతిథిగా గుండె వైద్యుడు కూర్చున్న రోజున నూనె ప్రకటన పెట్టకపోవడం కూడా ఇందులో భాగమే. నోటితో అనకపోయినా పక్కన డాక్టరుగారు కూర్చుంటే చాలు, అన్నట్టే లెక్క.

ఇవన్నీ అడ్వాన్సు తీసుకోకముందే తేలిపోవాలి. డబ్బు సంగతి చెప్పే మొదటి వాక్యం తీసేయమని కంపెనీ అడగకూడదని, నచ్చని విషయం ఒకటి చెప్పే హక్కు హోస్ట్‌కు ఉంటుందని, ఆధారం చూపని గొప్పలు చదవనవసరం లేదని ఒప్పందంలోనే రాసుకోవాలి. డబ్బు చేతికందాక వచ్చే 'చిన్న మార్పులు' ఈ మూడింటి మీదే పడతాయి.

తెర మీద వేసే ముద్ర దగ్గర చాలామంది పొరపడతారు. యూట్యూబ్‌లో చెల్లింపు ప్రచారం గడిలో టిక్ పెడితే వీడియో మొదట్లో 10 సెకన్లపాటు ఒక గమనిక కనపడుతుంది. నూనె మాట ఇరవై అయిదో నిమిషంలో వచ్చేసరికి అది వెళ్లిపోయి చాలాసేపవుతుంది. రెండు నిమిషాలు దాటిన వీడియోలో, వస్తువు గురించి మాట్లాడినంతసేపూ 'ప్రకటన' అన్న ముద్ర తెర మీద ఉండాలని ఆస్కి చెబుతోంది. వట్టి ఆడియో అయితే మొదట్లో, చివర్లో, మధ్యలో వచ్చే ప్రతి విరామానికి ముందూ తర్వాతా నోటితో చెప్పాలి.

ఎంత బాగా రాసిన స్క్రిప్టైనా దెబ్బతినే చోటు చిన్న వీడియోలు. ఎపిసోడ్ వచ్చిన రెండు రోజులకు ఎడిటర్ అందులోంచి ఇరవై సెకన్ల ముక్క కోస్తాడు. కందిపొడి అన్నం మాట హుషారుగా ఉంటుంది కాబట్టి కత్తెర అక్కడే పడుతుంది. డబ్బు సంగతి చెప్పిన మొదటి వాక్యం గంట వీడియోలోనే ఉండిపోతుంది. ముక్క మాత్రం వాట్సాప్ గుంపుల్లో చక్కర్లు కొడుతుంది. అందుకని ముద్రను ప్రకటన భాగం పొడవునా దృశ్యంలోనే కలిపేయాలి, ఎక్కడ కోసినా అది వెంట వస్తుంది. 15 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపు వీడియోలో కనీసం మూడో వంతు సమయం ముద్ర ఉండాలన్న నియమం కూడా దాంతో తీరిపోతుంది. ఆడియో ముక్కకు ఆ వీలు లేదు కనుక, హోస్ట్ రికార్డింగ్ రోజునే 'ఇది ప్రకటన, దీనికి మాకు డబ్బు ముట్టింది' అన్న వాక్యం విడిగా చదివి పెట్టాలి, కోసిన ప్రతి ముక్కకూ ఎడిటర్ ముందూ వెనకా దాన్ని అతికించాలి.