ప్రోగ్రామింగ్ పరీక్షలో దోషాన్వేషణ ప్రశ్న: ఒక పరిశీలన

డిగ్రీ, ఇంజనీరింగ్ కళాశాలల మొదటి సంవత్సరపు సి భాష ప్రశ్నపత్రాలను వరుసగా ముందు పెట్టుకుని చూస్తే కొన్ని ప్రశ్నలు మారని ముఖాలతో ఎదురవుతాయి. ఫర్ లూప్ సింటాక్స్ రాసి ఉదాహరణతో వివరించండి. వైల్, డూ-వైల్ లూపుల మధ్య భేదాలు తెలపండి. స్విచ్ స్టేట్‌మెంట్‌ను సోదాహరణంగా చర్చించండి. ఇవి జ్ఞాపకశక్తికి సంబంధించిన ప్రశ్నలని అధ్యాపకులందరికీ తెలుసు. అంతగా గుర్తింపుకు రానిది మరొకటి ఉంది. ‘అర్రేలోని రెండవ పెద్ద సంఖ్యను కనుగొనే ప్రోగ్రాం రాయండి’ అన్న ప్రశ్న పైకి సృజనను కోరుతున్నట్టే కనిపిస్తుంది. కానీ ఆ ప్రోగ్రాం ల్యాబ్ రికార్డులో ఉంది, గైడులో ఉంది, గత సంవత్సరపు ప్రశ్నపత్రంలోనూ ఉంది. దాన్ని అక్షరం పొల్లు పోకుండా రాసిన విద్యార్థిని, అందులో ఒక పంక్తి తీసేస్తే ఏ విలువ వస్తుందని అడిగితే చెప్పలేకపోవచ్చు. రాయడం వచ్చినంత మాత్రాన చదవడం వచ్చినట్టు కాదన్న సంగతి ఇక్కడే బయటపడుతుంది.

ఈ విషయం మీద కంప్యూటర్ విద్యా పరిశోధనలో స్పష్టమైన చర్చే జరిగింది. 2001లో మెక్రాకెన్ నేతృత్వంలోని బృందం అనేక విశ్వవిద్యాలయాల తొలి సంవత్సర విద్యార్థుల చేత ప్రోగ్రాములు రాయించగా, 110 మార్కులకు సగటున సుమారు 23 మాత్రమే వచ్చాయి. విద్యార్థులకు సమస్యా పరిష్కార సామర్థ్యం లేకపోవడమే అందుకు కారణమని చాలామంది భావించారు. 2004లో రేమండ్ లిస్టర్ బృందం మరో కారణాన్ని పరీక్షకు పెట్టింది. ఏడు దేశాల విద్యార్థులకు చిన్న కోడ్ భాగాలిచ్చి, అవి నడిస్తే ఏ ఫలితం వస్తుందో చెప్పమన్నది; దాదాపు పూర్తయిన కోడ్‌లో ఖాళీగా ఉంచిన భాగానికి సరైనదాన్ని ఎంచుకోమన్నది. చాలామంది ఈ పనుల్లోనే, ముఖ్యంగా రెండవదానిలో తడబడ్డారు. సమస్యను పరిష్కరించడానికి ముందు ఉండవలసిన పఠన నైపుణ్యమే బలహీనంగా ఉందన్నమాట. అలాంటప్పుడు ఆ నైపుణ్యాన్ని నేరుగా కొలిచే ప్రశ్న ప్రశ్నపత్రంలో ఉండవలసిందే. అయితే అది ఎలా ఉండాలన్నదే చిక్కు.

‘క్రింది ప్రోగ్రాములోని దోషాలను గుర్తించి సరిదిద్దండి’ అన్న ప్రశ్న కొన్ని పత్రాల్లో ఇప్పటికే కనిపిస్తుంది. దాని కింద ఇచ్చే కోడ్‌లో సాధారణంగా ఒకచోట సెమికోలన్ ఉండదు, మరోచోట కుండలీకరణం మూసి ఉండదు, ఇంకోచోట `scanf` లో `&` ఉండదు. మొదటి రెండూ కంపైలర్ క్షణంలో చూపించేవే. వాటిని కంటితో వెదకమనడం సింటాక్స్ ప్రశ్నను వేషం మార్చి అడగడమే అవుతుంది. మూడవది కొంత నయం, అయినా దాన్నీ జాబితాగా కంఠస్థం చేయవచ్చు. ఇంతకంటె హానికరమైనది `i = i++ + ++i` వంటి వాక్యానికి ఫలితం అడగడం. ఒకే వేరియబుల్‌ను మధ్యలో ఏ విరామమూ లేకుండా ఒకటికంటె ఎక్కువసార్లు మార్చితే ఏమి జరగాలో సి భాషా ప్రమాణం నిర్దేశించలేదు. టర్బో సి ఇచ్చిన అంకెను ‘సరైన జవాబు’గా కీలో వేసుకున్న ప్రశ్నకర్త, భాషలో లేని నియమాన్ని విద్యార్థికి నేర్పుతున్నాడు. ఇక్కడ దోషం విద్యార్థి జవాబులో లేదు, ప్రశ్నలోనే ఉంది.

మంచి దోషాన్వేషణ ప్రశ్నకు ముడిసరుకు వేరు. ఆ ప్రోగ్రాం కంపైల్ కావాలి, కొన్ని ఇన్‌పుట్‌లకు సరిగ్గానే పనిచేయాలి, మరికొన్నింటికి తప్పు ఫలితం ఇవ్వాలి. పైన చెప్పిన రెండవ పెద్ద సంఖ్య ప్రోగ్రామునే తీసుకుంటే ఈ మార్పు ఎంత తేలికో తెలుస్తుంది.

```c
int second(int a[], int n)
{
    int i, big = a[0], sec = a[0];
    for (i = 1; i < n; i++) {
        if (a[i] > big) {
            sec = big;
            big = a[i];
        }
    }
    return sec;
}
```

అర్రేలో 3, 7, 9 ఉంటే ఈ ఫంక్షన్ 7 ఇస్తుంది, అది సరైనదే. 3, 9, 7 ఉంటే 3 ఇస్తుంది. 9 వచ్చినప్పుడు అంతవరకూ పెద్దదైన 3 రెండవ స్థానానికి జరుగుతుంది, తరువాత వచ్చిన 7 మాత్రం 9 కంటె పెద్దది కాదు గనుక దాన్ని ఎవరూ పట్టించుకోరు. 9, 7, 3 ఉంటే 9 ఇస్తుంది, ఎందుకంటే `sec` మొదట్లోనే 9తో మొదలై అక్కడే నిలిచిపోతుంది. విద్యార్థులు సాధారణంగా ఆరోహణ క్రమంలో ఉన్న సంఖ్యలతోనే ప్రోగ్రామును పరీక్షిస్తారు కాబట్టి ల్యాబ్‌లో ఈ దోషం పట్టుబడకుండా పోయే అవకాశం ఎక్కువ.

ఇంత మంచి కోడ్ చేతిలో ఉన్నా ‘దోషాన్ని గుర్తించి సరిదిద్దండి’ అని ఒక్క వాక్యంలో అడిగితే ప్రశ్న పాడవుతుంది. గైడులోని సరైన ప్రోగ్రామును గుర్తున్నంత మేరకు తిరగరాసిన విద్యార్థికీ, దోషం ఎక్కడుందో అర్థం చేసుకుని ఒక పంక్తి మార్చిన విద్యార్థికీ ఒకే మార్కులు పడతాయి. అంతేకాదు, ప్రశ్నకర్త తానే మోసపోయే ప్రమాదమూ ఉంది. చాలామందికి వెంటనే తోచే సవరణ, `if` తరువాత ఈ పంక్తిని చేర్చడం:

```c
else if (a[i] > sec) sec = a[i];
```

దీనితో 3, 9, 7 సరిపోతుంది. 9, 7, 3 మాత్రం సరిపోదు. 7 గానీ 3 గానీ 9 కంటె పెద్దవి కావు కాబట్టి `sec` ఇంకా 9 దగ్గరే ఉంటుంది. కోడ్‌లో ఉన్నవి రెండు దోషాలు: ఒకటి లూప్‌లో, మరొకటి ప్రారంభ విలువలో. ప్రశ్నకర్త ఒక్కటే ఉందనుకుని కీ తయారుచేస్తే, పైపంక్తి చేర్చిన జవాబుకు పూర్తి మార్కులు పడతాయి. ప్రారంభ విలువను ప్రశ్నించిన విద్యార్థికి ‘అనవసరమైన మార్పు’ అని మార్కులు తగ్గినా ఆశ్చర్యం లేదు.

ఆ రెండు దోషాలనే ఆధారం చేసుకుని ప్రశ్నను నాలుగు భాగాలుగా విడగొట్టవచ్చు. ముందుగా ‘అర్రేలోని సంఖ్యలన్నీ వేర్వేరు, కనీసం రెండు ఉంటాయి’ అని చెప్పి తీరాలి. చెప్పకపోతే 9, 9, 7లో రెండవ పెద్దది 9నా, 7నా అన్న వివాదం జవాబుపత్రాల మీదికి వస్తుంది. తరువాత (అ) 4, 6, 8 ఇస్తే ఫంక్షన్ ఏ విలువను తిరిగి ఇస్తుంది? ఇది కోడ్‌ను పంక్తి వెంట పంక్తి నడిపించగలడా అని చూస్తుంది. 2 మార్కులు చాలు. (ఆ) ఫలితం తప్పుగా వచ్చే మూడు సంఖ్యల అర్రే ఒకటి రాసి, అప్పుడు వచ్చే విలువనూ రావలసిన విలువనూ తెలపండి, 3 మార్కులు. (ఇ) ఒక విద్యార్థి పై `else if` పంక్తిని చేర్చాడు. ఇప్పుడు ప్రోగ్రాం అన్ని అర్రేలకూ సరైనదేనా? కాకపోతే ఒక ఉదాహరణతో కారణం రాయండి, 3 మార్కులు. (ఈ) వీలైనంత తక్కువ మార్పుతో ప్రోగ్రామును సరిచేయండి, 2 మార్కులు. ఇక్కడ `else if` తో పాటు `sec` ప్రారంభ విలువను `INT_MIN` చేస్తే సరిపోతుంది. మొదటి రెండు సంఖ్యలను పోల్చి మొదలుపెట్టినా సరే.

ఈ విభజనలో అసలు బరువు (ఆ), (ఇ)ల మీద ఉంది. మూడు వేర్వేరు సంఖ్యలను ఆరు విధాల అమర్చవచ్చు. వాటిలో మూడింటికి మొదటి ప్రోగ్రాం సరైన ఫలితమే ఇస్తుంది, మూడింటికి తప్పుతుంది. అంటే ఏదో ఒక అర్రే రాసినవాడికి సగం అవకాశం ఉంది. అందుకే అర్రేకు ఒక్క మార్కే ఇచ్చి, వచ్చే విలువకూ రావలసిన విలువకూ చెరొకటి ఉంచాలి. 3, 9, 7కు 3 వస్తుందని, 9, 3, 7కు 9 వస్తుందని చెప్పాలంటే కోడ్ చదవక తప్పదు. (ఇ)లో సవరించిన ప్రోగ్రాం ఆరింటిలో రెండింటికే తప్పుతుంది. ఊహకు చోటు తగ్గింది, పైగా కారణం అడిగారు. మరొకరి సవరణను చదివి అది చాలుతుందో లేదో తేల్చడం, ఉద్యోగంలో చేరిన తరువాత ప్రోగ్రామర్ ప్రతిరోజూ చేసే పని; ప్రశ్నపత్రాల్లో దీన్ని అడగడం చాలా అరుదు.

విద్యార్థులు రాసే అర్రేలు వందల రకాలుగా ఉంటాయి, దిద్దేవారికి అది భారమవుతుందన్న అభ్యంతరం రావచ్చు. ప్రశ్నకర్త తన ప్రోగ్రామును తాను పూర్తిగా చదివి ఉంటే ఆ భారం ఉండదు. మొదటి ప్రోగ్రాం సరైన ఫలితం ఇచ్చేది రెండవ పెద్ద సంఖ్య అన్నిటికంటె పెద్దదానికి ముందు వచ్చినప్పుడే. సవరించినది తప్పేది పెద్ద సంఖ్య మొట్టమొదటి స్థానంలో ఉన్నప్పుడే. ఈ రెండు వాక్యాలు కీలో ఉంటే ఏ అర్రే రాసినా చూపుతోనే తేల్చవచ్చు. ఇలాంటి వాక్యాన్ని తన కోడ్ గురించి రాయలేని ప్రశ్నకర్త ఆ కోడ్‌ను పరీక్షలో పెట్టకపోవడమే మేలు.

అయితే ఈ ప్రశ్న ఒక్కసారి పరీక్షలో వచ్చాక మరుసటి సంవత్సరం గైడులోకి చేరుతుంది. ‘9, 7, 3 రాయాలి’ అన్నది అప్పుడు మరో కంఠస్థ విషయమే. దాన్ని తిప్పికొట్టడానికి కొత్త సమస్య వెదకనక్కరలేదు; `sec = a[0]` ను `sec = 0` చేసి, `else if` పంక్తిని ముందే చేర్చి ఇస్తే చాలు. ఇప్పుడు 9, 7, 3కు ప్రోగ్రాం చక్కగా 7 ఇస్తుంది, గైడు జవాబు చెల్లదు. పెద్ద సంఖ్య మొదట ఉండి, మిగిలినవన్నీ రుణ సంఖ్యలైనప్పుడే అది తప్పుతుంది; -2, -5, -8 ఇస్తే 0 వస్తుంది. కోడ్ చూడటానికి దాదాపు ఒకేలా ఉండి, తప్పే చోటు మాత్రం పూర్తిగా మారిపోవడమే ఇక్కడి ప్రయోజనం. పేర్ల విషయంలో ఒక జాగ్రత్త: దోషాన్వేషణలో ప్రోగ్రాం ఉద్దేశం ముందే చెబుతారు కనుక `big`, `sec` ఉండవచ్చు. ‘ఈ కోడ్ ఏమి చేస్తుందో ఒక వాక్యంలో చెప్పండి’ అనే ప్రశ్నలో మాత్రం ఆ పేర్లే జవాబు చెప్పేస్తాయి, అక్కడ `p`, `q` అని మార్చాలి.

ఈ తరహా ప్రశ్న కాగితం మీద పరీక్షకే తగినది. కంప్యూటర్ ముందు కూర్చున్న విద్యార్థికి (అ)లో చేయవలసింది ఏమీ లేదు; (ఆ)ను రెండు మూడు యాదృచ్ఛిక ప్రయత్నాలతో సాధించవచ్చు. ల్యాబ్ పరీక్షలో ఇవ్వదలిస్తే (ఇ)ను మాత్రమే ఉంచి, ‘ఏయే అర్రేలకు తప్పుతుంది?’ అని సాధారణ నియమం అడగవలసి ఉంటుంది. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. శూన్యం నుంచి ప్రోగ్రాం నిర్మించే శక్తిని ఈ ప్రశ్న కొలవదు, (ఈ)లోని రెండు మార్కులు అందుకు చాలవు. పది పంక్తుల కోడ్‌ను చదివి, నడిపి, విరిచి చూడటానికి పదిహేను నిమిషాలైనా పడుతుంది కాబట్టి ఒక పత్రంలో ఇలాంటివి రెండుకు మించి పెట్టడం కష్టం. ఆ స్థలం ఎక్కడి నుంచి వస్తుందంటే, స్విచ్ స్టేట్‌మెంట్‌ను సోదాహరణంగా చర్చించమన్న పది మార్కుల ప్రశ్న ఇంకా అక్కడే ఉంది.